మావి ఆపేది, సూది దాటించేది



కోవిడ్ రోజుల్లో డెక్సామెథసోన్ అనే మందు పేరు ఊరూరా వినిపించింది. ఆక్సిజన్ అవసరమైన రోగుల్లో ఈ చవక స్టెరాయిడ్ మరణాలను తగ్గిస్తుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ పరిశోధన తేల్చింది. అదే పరిశోధనలో గర్భిణుల కోసం వేరే ఏర్పాటు ఉంది. వాళ్లకు డెక్సామెథసోన్ బదులు ప్రెడ్నిసలోన్ గానీ హైడ్రోకార్టిసోన్ గానీ ఇవ్వాలన్నారు. ఇవీ స్టెరాయిడ్లే. మరి ఏడో నెలలోనే నొప్పులు మొదలై ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చిన గర్భిణికి డాక్టర్లు వెంటనే ఇచ్చేదేమిటి? అదే డెక్సామెథసోన్. "బిడ్డ ఊపిరితిత్తులకు ఇంజెక్షన్లు చేశారు" అని ఇంట్లోవాళ్లు చెప్పుకునేది దాని గురించే. ఒకచోట గర్భిణి కాబట్టి వద్దన్న మందు, ఇంకోచోట గర్భిణి కాబట్టే ఇస్తున్నారు. చూడటానికి పొంతన లేనట్టుంది గానీ, ఈ రెండు నిర్ణయాలకూ మూలం ఒక్కటే. అది తల్లికీ బిడ్డకూ మధ్య ఉన్న మావిలో, ఆ మావి పైపొరలోని ఒక ఎంజైములో ఉంది.

ముందుగా ఆ ఎంజైము చేసే పనేమిటో చూద్దాం. మన మూత్రపిండాలపై కూర్చున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును తయారుచేస్తాయి. గర్భిణి రక్తంలో ఇది నెలలు గడిచేకొద్దీ పెరిగి, చివరి నెలలకు మామూలు స్థాయికి రెండు మూడు రెట్లవుతుంది. కార్టిసాల్ కొవ్వులో కరిగే చిన్న అణువు కనుక కణాల గోడలు దానికి అడ్డు కావు. ఏ అడ్డూ లేకపోతే తల్లి రక్తంలో ఎంత ఉంటే బిడ్డ రక్తంలోనూ దాదాపు అంతే ఉండాలి. కానీ తల్లి రక్తంలోని కార్టిసాల్, బిడ్డ రక్తంలో ఉన్నదానికి ఐదు నుంచి పది రెట్లు ఎక్కువ. ఈ తేడా ఎక్కడిదో 1974లో కెనడా శాస్త్రవేత్త బెవర్లీ మర్ఫీ, ఆమె సహచరులు చూపించారు. మావి దాటుతున్న కార్టిసాల్‌లో చాలా భాగం, ఇంచుమించు నూటికి ఎనభై పాళ్లకు పైగా, దారిలోనే కార్టిసోన్ అనే వేరే పదార్థంగా మారిపోతోంది. కార్టిసాల్ అణువులో పదకొండో కార్బన్ దగ్గర ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉంటుంది. మావి ఎంజైము అక్కడి నుంచి రెండు హైడ్రోజన్లను తీసేసి దాన్ని కీటోన్‌గా మారుస్తుంది. జరిగింది ఆ కాస్త మార్పే. దాంతో ఆ అణువు కణంలోని స్టెరాయిడ్ గ్రాహకానికి అతుక్కోలేదు, అంటే హార్మోనుగా పనిచేయదు. తల్లి రక్తంలో నిత్యం తడిసే పైపొర కణాల్లోనే ఎంజైము ఉండటం వల్ల కార్టిసాల్ బిడ్డ వైపు చేరేలోపే ఈ పని పూర్తవుతుంది. దీని పూర్తి పేరు పదకొండు బీటా హైడ్రాక్సీస్టెరాయిడ్ డీహైడ్రోజినేజ్, రెండో రకం. ఇంత పొడుగు పేరు మళ్లీమళ్లీ చెప్పడం నాకూ కష్టం, వినడం మీకూ కష్టం. ఇకమీద మావి ఎంజైము అనే అందాం.

ఇక్కడ న్యాయమైన ప్రశ్న ఒకటి వస్తుంది. బిడ్డ ఊపిరితిత్తులను పక్వానికి తెచ్చేది కార్టిసాలేనని వైద్యులే చెబుతారు. అంత మేలు చేసేదాన్ని మావి పనిగట్టుకుని ఎందుకు ఆపుతుంది? తల్లి దగ్గర దండిగా ఉన్నదాన్ని మొదటి నుంచీ రానిస్తే ఊపిరితిత్తులు ముందే సిద్ధమవుతాయి కదా? జవాబు కార్టిసాల్ స్వభావంలోనే ఉంది. ఎదుగుతున్న కణజాలానికి అది ఇచ్చే ఆదేశం, విభజన ఆపి పనిలోకి దిగమని. కణాలు సంఖ్యలో పెరగడం మాని, తమకు కేటాయించిన పనికి తగ్గట్టు రూపం మార్చుకుంటాయి. ముప్పై ఎనిమిదో వారంలో ఆ ఆదేశం సరైనదే. ఇరవయ్యో వారంలో అదే ఆదేశం వస్తే, మెదడూ మూత్రపిండాలూ ఇంకా కణాలను పోగుచేసుకుంటున్న దశలోనే ఆ పని కుంటుపడుతుంది. ఎదుగుదలా పక్వతా ఒకదాన్నొకటి తోసుకునే పనులు. వాటిలో ఏది ఎప్పుడు జరగాలో తేల్చేది గర్భకాలం. తల్లికి జ్వరం రావచ్చు, భయం కలగవచ్చు, నిద్ర కరువు కావచ్చు. ప్రతిసారీ ఆమె కార్టిసాల్ పైకెగసి దిగుతుంది. బిడ్డ పెరుగుదల తల్లి ఒడిదుడుకులను బట్టి నడవకూడదు కనుకే మధ్యలో ఈ ఎంజైము.

ఇది ఊహ మాత్రమే కదా అనుకునేవాళ్లకు సాక్ష్యాలున్నాయి. ఈ ఎంజైము జన్యువు పాడైన పిల్లలు అరుదుగా పుడతారు. ఇదే ఎంజైము మూత్రపిండంలోనూ ఉంటుంది కాబట్టి వాళ్లకు చిన్నతనంలోనే విపరీతమైన రక్తపోటు వస్తుంది, రక్తంలో పొటాషియం పడిపోతుంది. మనకు ఇక్కడ ముఖ్యమైన సంగతి వేరే. వాళ్లలో చాలామంది తక్కువ బరువుతో పుడతారు. అంటే అడ్డు లేనప్పుడు ఎదుగుదల తగ్గుతోంది. కడుపుతో ఉన్న ఎలుకలకు డెక్సామెథసోన్ ఇచ్చి చూసిన ప్రయోగాల్లోనూ పిల్లలు చిన్నవిగా పుట్టాయి, పెద్దయ్యాక వాటికి రక్తపోటు వచ్చింది. మూడో సాక్ష్యం వంటింటికి దగ్గరిది. దగ్గుకు మనం చప్పరించే అతిమధురం వేరులో గ్లిసరైజిన్ అనే పదార్థం ఉంటుంది. అది ఈ ఎంజైమును అణచివేస్తుంది. ఫిన్లాండ్‌లో అతిమధురంతో చేసిన మిఠాయిలు తినడం బాగా అలవాటు. అక్కడి పరిశోధకులు గర్భంతో ఉన్నప్పుడు వీటిని వారానికి 500 మిల్లీగ్రాముల గ్లిసరైజిన్‌కు మించి తిన్న తల్లుల పిల్లలను, చాలా తక్కువ తిన్న లేదా అసలు తినని తల్లుల పిల్లలను పోల్చి చూశారు. ఎక్కువ తిన్నవాళ్ల పిల్లలు తెలివితేటల పరీక్షల్లో వెనుకబడ్డారు. వాళ్లలో ప్రవర్తన సమస్యలూ ఎక్కువ కనిపించాయి. ఎక్కువ తిన్న తల్లులకూ మిగతా తల్లులకూ ఇతర తేడాలు ఉండవచ్చు కనుక దీన్నొక్కదాన్నే రుజువుగా తీసుకోలేం. అయినా జన్యులోపం, జంతు ప్రయోగం, మనుషుల పరిశీలన మూడూ ఒకే వైపు చూపిస్తుంటే కొట్టిపారేయడమూ కుదరదు. కడుపుతో ఉన్నవాళ్లు అతిమధురం కషాయాలు రోజూ తాగకపోవడమే మంచిదని ఫిన్లాండ్ దాకా పోకుండానే చెప్పవచ్చు.

అయితే నెలలు నిండకుండా పుట్టే బిడ్డ విషయంలో లెక్క తలకిందులవుతుంది. గర్భంలో ఊపిరితిత్తుల నిండా నీరే ఉంటుంది. పుట్టిన నిమిషాల్లోనే ఆ నీరు ఇంకిపోవాలి, గాలి గదులు విచ్చుకోవాలి, విచ్చుకున్నవి మళ్లీ మూసుకోకుండా నిలవాలి. రెండు గాజు పలకల మధ్య నీటి చుక్క పడితే వాటిని విడదీయడం ఎంత కష్టమో, తడిగా ఉన్న ఆ సన్నని గదులను ప్రతి శ్వాసకూ తెరవడం అంత కష్టం. ఆ పట్టును సడలించడానికి గాలి గదుల గోడల్లోని రెండో రకం కణాలు సర్ఫాక్టెంట్ అనే జిడ్డు పదార్థాన్ని తయారుచేస్తాయి. ఇది చాలినంత తయారయ్యేది గర్భం చివరి వారాల్లోనే. అది చాలక ఊపిరాడని స్థితినే శ్వాసబాధ వ్యాధి అంటారు. దీనికి సర్ఫాక్టెంట్ కొరతే కారణమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ చూపించారు. కారణం తెలిసినంత మాత్రాన వైద్యం చేతికి రాలేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు ప్యాట్రిక్ ఐదున్నర వారాలు ముందుగా పుట్టి, సుమారు 39 గంటలు మాత్రమే బతికి, ఈ వ్యాధితోనే చనిపోయాడు. ఆనాటి అమెరికాలో దొరికే వైద్యమంతా అందినా ఫలితం లేకపోయింది. మన ఇళ్లలో ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అంటుంటారు. ఊపిరితిత్తుల సంగతి తెలిసినవాళ్లకు ఆ మాట ఒక పట్టాన అర్థం కాదు. గర్భంలో గడిచిన ప్రతి అదనపు వారమూ బిడ్డకు లాభమే.

దారి దొరికింది న్యూజీలాండ్‌లో, అదీ వేరే ప్రశ్న వెతుకుతుంటే. ఆక్లాండ్‌లోని నేషనల్ విమెన్స్ హాస్పిటల్ వైద్యుడు గ్రాహం లిగ్గిన్స్ తేల్చదలచుకున్నది నొప్పులు ఎవరి వల్ల మొదలవుతాయన్నది. తల్లి వల్లనా, బిడ్డ వల్లనా? గొర్రె కడుపులోని పిల్లకు స్టెరాయిడ్ ఎక్కిస్తే గొర్రె ముందుగానే ఈనుతుందని ఆయన గమనించాడు. గొర్రె గర్భకాలం సుమారు 147 రోజులు. 120 రోజుల ప్రాంతంలో పుట్టిన పిల్ల ఒక్క శ్వాస కూడా తీసుకోలేక చావాలి. కానీ స్టెరాయిడ్ అందినవాటిలో కొన్ని ఊపిరి పీల్చాయి, కొన్ని గంటలపాటు బతికాయి. కోసి చూస్తే వాటి ఊపిరితిత్తుల్లోకి కొంతవరకు గాలి చేరింది. 1969లో ఈ పరిశీలన అచ్చయింది. చెప్పుకోవలసిన విచిత్రం ఇంకొకటుంది. లిగ్గిన్స్ మొదట వెతికిన జవాబు గొర్రెకు వర్తించింది గానీ మనిషికి వర్తించలేదు. స్టెరాయిడ్ ఇస్తే స్త్రీకి నొప్పులు రావు. వెతకకుండా దొరికిన ఊపిరితిత్తుల సంగతి మాత్రం మనుషుల్లోనూ నిజమైంది.

ఆ ఏడాది డిసెంబరులోనే లిగ్గిన్స్, పిల్లల వైద్యుడు రాస్ హోవీ కలిసి మనుషులపై పరీక్ష మొదలుపెట్టారు. నెలలు నిండక ముందే ప్రసవించే ప్రమాదమున్న తల్లుల్లో కొందరికి 12 మిల్లీగ్రాముల బీటామెథసోన్, 24 గంటల తర్వాత మళ్లీ అంతే ఇచ్చారు. మిగతావారికి ఏమిచ్చారన్నది మన కథకు చాలా ముఖ్యం. ఉత్త నీరు కాదు, చూడటానికి అచ్చం అలాగే ఉండే కార్టిసోన్ అసిటేట్, 6 మిల్లీగ్రాములు. మావి ఎంజైము కార్టిసాల్‌ను మార్చేది కూడా కార్టిసోన్‌గానే కదా! ఆ మోతాదులో అది బిడ్డపై ప్రభావం చూపదని నమ్మి దాన్ని ఉత్త మందుగా వాడారు. 1972లో 282 మంది తల్లుల ఫలితాలు ప్రచురించారు. కార్టిసోన్ తీసుకున్నవారి బిడ్డల్లో శ్వాసబాధ 25.8 శాతం మందికి వస్తే, బీటామెథసోన్ తీసుకున్నవారి బిడ్డల్లో 9 శాతం మందికే వచ్చింది. తొలి రోజుల మరణాలు 15 శాతం నుంచి 3.2 శాతానికి పడిపోయాయి.

మరి బీటామెథసోన్ ఎలా దాటింది? తల్లి సొంత కార్టిసాల్‌ను, మందుగా ఇచ్చిన ప్రెడ్నిసలోన్‌ను మావి నిలువరిస్తుంది. ప్రెడ్నిసలోన్ తల్లి రక్తంలో ఉన్నదానిలో పదో వంతు మాత్రమే బిడ్డకు చేరుతుంది. డెక్సామెథసోన్, బీటామెథసోన్ అణువుల తొమ్మిదో కార్బన్ మీద ఒక ఫ్లోరిన్ పరమాణువు ఉంటుంది. ఎంజైము పనిచేయాల్సిన పదకొండో కార్బన్‌కు ఆ తొమ్మిదో కార్బన్ పక్కనే ఉంది. ఫ్లోరిన్ పక్కన ఉంటే హైడ్రోజన్లను తీసే పని సరిగా సాగదు. ఒకవేళ సాగినా మళ్లీ వెనక్కు మళ్లేందుకే మొగ్గు ఎక్కువ. పదహారో కార్బన్ మీద అదనంగా ఉన్న మిథైల్ గుంపు అటు ఒరిగితే డెక్సామెథసోన్, ఇటు ఒరిగితే బీటామెథసోన్. అక్కచెల్లెళ్ల లాంటి ఈ రెండు అణువులూ మావి ఎంజైముకు పెద్దగా లొంగవు. ఇప్పుడు మొదటి చిక్కుముడి విడిపోతుంది. జబ్బు తల్లిదైతే, ఆమెకు కీళ్లవాతమో లూపస్సో కోవిడో ఉంటే, మావి ఆపగల ప్రెడ్నిసలోన్ ఇస్తారు. మందు అందవలసింది బిడ్డకైతే, మావి ఆపలేనిది ఇస్తారు.

ఇక్కడి నుంచే నా అసలు వాదన మొదలవుతుంది. ఈ సూది బలానికి వేసే టానిక్ లాంటిది కాదు. గర్భం ఎంతో జాగ్రత్తగా కాపాడుకొస్తున్న ఒక ఏర్పాటును మనం కావాలని, కొద్ది గంటలపాటు, తప్పించుకుని వెళ్తున్నాం. బిడ్డకు ఎదగడం ఆపి సిద్ధం కమ్మని చెబుతున్నాం. ఆ బిడ్డ నిజంగానే రేపో ఎల్లుండో పుట్టబోతుంటే అది ప్రాణదానం. పుట్టకపోతే, ఎవరూ అడగని చోట ఎదుగుదలను తగ్గించే ఆదేశం. మేలూ కీడూ ఒకే చర్యకున్న రెండు వైపులు. వాటిని వేరుచేసేది మందు నాణ్యత కాదు, సరైన వేళ.

దీన్ని అనుభవపూర్వకంగా నేర్పిన పరిశోధన ఒకటుంది. అందులో మన దేశపు తల్లులూ ఉన్నారు. ఈ సూది ఇంత చవక, ఇంత సులువు కదా, ఊరి స్థాయిలో ఆరోగ్య కార్యకర్తలందరికీ నేర్పితే పేద దేశాల్లో వేల ప్రాణాలు దక్కుతాయని అనుకున్నారు. ఆ ఆలోచనను ఆరు దేశాల్లో పరీక్షించారు. మన దేశం నుంచి బెళగావి, నాగపూర్ ప్రాంతాలు చేరాయి. ఏసీటీ పేరుతో 2015లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం అందరినీ నిశ్చేష్టులను చేసింది. మరీ తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల మరణాలు తగ్గలేదు. మొత్తం బిడ్డలను కలిపి చూస్తే, వెయ్యిమందికి 23.9 ఉండాల్సిన నవజాత మరణాలు సూది ప్రచారం చేసిన ఊళ్లలో 27.4 అయ్యాయి. తల్లుల్లో ఇన్ఫెక్షన్ అనుమానాలూ పెరిగాయి. కారణం వెతికితే పెద్ద దోషం గర్భకాలం లెక్కలో కనిపించింది. నెలలు సరిగా తెలియని చోట పొట్ట ఎత్తును టేపుతో కొలిచి అంచనా వేశారు. మన దేశంలో నెలలు నిండినా చిన్నగా ఉండే బిడ్డలు ఎక్కువ. పొట్ట చిన్నదైతే నెలలు తక్కువనుకుంటారు, సూది వేస్తారు. సూది అందుకున్నవారిలో అత్యధికులు ఆ తర్వాత మామూలు బరువు బిడ్డలనే కన్నారు. పైగా స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. శుభ్రత అంతంతమాత్రంగా ఉన్నచోట తల్లికి ఇన్ఫెక్షన్ ముదిరితే బిడ్డకూ ముప్పే. పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచి, ఊపిరి అందించే ఏర్పాటు లేకపోతే ఊపిరితిత్తులు కొంచెం ముదిరినంత మాత్రాన ఒరిగేదేమీ ఉండదు.

దీన్ని చూపి, అయితే పేద దేశాలకు ఈ మందు పనికిరాదని వాదించినవాళ్లున్నారు. ఆ వాదన నిలబడలేదు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాల్లోని 29 ఆస్పత్రుల్లో యాక్షన్ పేరుతో జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఇక్కడ స్కాన్‌తో గర్భకాలం నిర్ధారించారు. 26 వారాలు నిండి 34 దాటని, త్వరలో ప్రసవించే తల్లులనే చేర్చారు. ఇన్ఫెక్షన్ లక్షణాలున్నవాళ్లను పక్కనపెట్టారు. డెక్సామెథసోన్ అందిన బిడ్డల్లో నవజాత మరణాలు 19.6 శాతం, అందనివారిలో 23.5 శాతం. తల్లుల ఇన్ఫెక్షన్ పెరగకపోగా కాస్త తక్కువగానే ఉంది. మేలు స్పష్టంగా కనిపించడంతో పరీక్షను ముందుగానే ఆపేశారు. రెంటిలోనూ మందు అదే, మోతాదూ అదే. ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ ఇచ్చారన్నదే మారింది.

ఆచరణలో ఇదెలా ఉంటుందో ఒక ఉదాహరణగా ఊహించి చూద్దాం. ముప్పయ్యో వారంలో ఉన్న గర్భిణి రాత్రి ఎనిమిదింటికి నొప్పులతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. నర్సు ముందు చూడాల్సింది ఆమె చేతిలోని కార్డు. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ ఉంటే గర్భకాలం వారం లోపు తేడాతో తెలుస్తుంది. ఎనిమిదో నెలలో తీసిన మొదటి స్కాన్ మూడు వారాల దాకా తప్పవచ్చు. బరువు తక్కువున్న బిడ్డ వయసులో చిన్నదిగా కనిపిస్తుంది. తర్వాత జ్వరం ఉందా, ఉమ్మనీరు పోతోందా, పోతుంటే దుర్వాసన ఉందా అని చూడాలి. ఇన్ఫెక్షన్ గట్టిగా కనిపిస్తే సూది కోసం ప్రసవాన్ని ఆపే ప్రయత్నం చేయకూడదు. అవేమీ లేకపోతే డెక్సామెథసోన్ సీసా తీయాలి. మన దగ్గర దొరికే రెండు మిల్లీలీటర్ల సీసాలో, మిల్లీలీటరుకు నాలుగు చొప్పున, ఎనిమిది మిల్లీగ్రాములుంటాయి. కావాల్సింది ఆరు. అంటే ఒకటిన్నర మిల్లీలీటర్లు తీసి కండరంలోకి ఇవ్వాలి, సీసా అడుగున అర మిల్లీలీటరు మిగలాలి. మొత్తం లాగేసి ఇవ్వడం తప్పు. కేంద్ర ప్రభుత్వ 2014 మార్గదర్శకాల ప్రకారం పెద్దాస్పత్రికి పంపే ముందు ఈ తొలి మోతాదును ఏఎన్ఎం కూడా ఇవ్వవచ్చు. సూది ఇచ్చాక 108లో పంపాలి. నాలుగు మోతాదులూ అయ్యేదాకా ఇక్కడే ఉంచితే సూది ప్రయోజనమే పోతుంది. మిగతా మూడు ఆరేసి మిల్లీగ్రాములు, మర్నాడు ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి, మూడో రోజు ఉదయం ఎనిమిదికి. పెద్దాస్పత్రిలో నిఫెడిపిన్ వంటి మందుతో నొప్పులను రెండు రోజులు వాయిదా వేయడానికి చూస్తారు. ఆ మందు ఉద్దేశం ప్రసవాన్ని శాశ్వతంగా ఆపడం కాదు, స్టెరాయిడ్ పనిచేసే వ్యవధి సంపాదించడం. ఎందుకంటే గాలి గదుల గోడలు పలచబడటానికి, నీటిని పీల్చే సోడియం దారులు పెరగడానికి, సర్ఫాక్టెంట్ తయారు కావడానికి ఒక రోజైనా పడుతుంది. మొదటి సూది తర్వాత 24 గంటలు దాటి ఏడు రోజుల లోపు పుట్టిన బిడ్డకు మేలు ఎక్కువ. అంతకు ముందే పుట్టేలా ఉన్నా కొంత మేలు ఉంటుంది గనుక తొలి సూదిని ఆపరు.

ఇందులో తప్పుదారి పట్టించే సంగతులు కొన్నున్నాయి. స్టెరాయిడ్ ఇచ్చాక తల్లి రక్తంలో తెల్లకణాల సంఖ్య దానంతటదే పెరుగుతుంది. ఆ ఒక్క పరీక్ష చూసి ఇన్ఫెక్షన్ అనుకోకూడదు, జ్వరమూ వాసనా నొప్పీ చూడాలి. మధుమేహం ఉన్న తల్లికి చక్కెర ఒక్కసారిగా ఎగబాకుతుంది, కొన్ని రోజులు ఇన్సులిన్ పెంచాల్సి రావచ్చు. రెండో మూడో రోజుల్లో బిడ్డ కదలికలు తగ్గి, గుండె కొట్టుకునే వేగంలో సహజంగా ఉండే హెచ్చుతగ్గులు పలచబడతాయి. అది మందు ప్రభావం, రెండు రోజుల్లో సర్దుకుంటుంది. తెలియనివాళ్లు బిడ్డ ఆపదలో ఉందని కంగారుపడి ఆపరేషన్ చేస్తే, ఏ బిడ్డ కోసం రెండు రోజులు సంపాదించారో ఆ బిడ్డనే ముందుగా బయటకు తీసినట్టవుతుంది.

ప్రసవం ఆగిపోతే ఏమిటన్నది మిగిలిన ప్రశ్న. నొప్పులు తగ్గి తల్లి ఇంటికి వెళ్లిపోతుంది. రెండు వారాల తర్వాత మళ్లీ వస్తుంది. ఒకసారి మేలు చేసింది మళ్లీమళ్లీ ఇస్తే మరింత మేలు చేయదా? రెండు వారాలకోసారి ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష ఒకటి 2008లో వెలువడింది. బిడ్డల జబ్బులు తగ్గలేదు. సగటు బరువు 2330 గ్రాముల నుంచి 2216 గ్రాములకు తగ్గింది, తల చుట్టుకొలతా తగ్గింది. మావి దేన్ని ఆపుతోందో, ఎందుకు ఆపుతోందో ఈ వంద గ్రాములు చెబుతున్నాయి. అందుకే ఇప్పుడు క్రమం తప్పకుండా తిరిగి ఇవ్వడం లేదు. మరీ అవసరమైతే ఇంకొక్కసారితో ఆపేస్తారు. 2020లో ఫిన్లాండ్ నుంచి ఆరు లక్షల డెబ్భై వేల మంది పిల్లల వివరాలతో మరో అధ్యయనం వచ్చింది. గర్భంలో స్టెరాయిడ్ అందిన పిల్లల్లో దాదాపు 45 శాతం మంది చివరికి నెలలు నిండాకే పుట్టారు. అంటే ఆ సూది వాళ్లకు అక్కర్లేకపోయింది. అలా నెలలు నిండి పుట్టినవాళ్లలో మానసిక, ప్రవర్తన సమస్యల నిర్ధారణ 8.89 శాతం, సూది అందనివాళ్లలో 6.31 శాతం. సూది పడ్డ తల్లుల గర్భంలో ముందే ఏదో ఇబ్బంది ఉండబట్టే సూది పడిందని, తేడాకు అదే కారణం కావచ్చని ఒక అభ్యంతరం ఉంది. అది సబబైన అభ్యంతరమే. దీన్ని చూసి ముప్పయ్యో వారంలో ప్రసవించబోయే తల్లికి సూది మానేయడం అవివేకం. అక్కడ తూకంలో ఒకవైపు బిడ్డ ప్రాణమే ఉంది. కానీ ఎందుకైనా మంచిది, ఒకటి వేసి పెడదాం అనే అలవాటుకు మాత్రం ఇది అడ్డుకట్ట.

ఆ అలవాటు మన రాష్ట్రాల్లో ఇంకో రూపంలో కనిపిస్తుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. వాటిలో కొన్ని ముహూర్తం చూసుకుని నొప్పులు రాకముందే చేసేవి. మంచి నక్షత్రం ముప్పై ఏడో వారంలో పడితే ముందురోజు ఊపిరితిత్తుల సూది వేయించి ఆపరేషన్‌కు వెళ్లిపోవచ్చని చాలామంది భావిస్తారు. సూది ఉండగా భయమెందుకన్నది వాళ్ల ధీమా. ఆ ధీమాను అంకెలతో తూచి చూడవచ్చు. నొప్పులు రాకముందే సిజేరియన్ నిర్ణయించుకున్న తల్లులకు బ్రిటన్‌లో బీటామెథసోన్ ఇచ్చి చేసిన పరీక్ష ఒకటి 2005లో వచ్చింది. ముప్పై ఏడో వారంలో సూది లేకుండా తీసిన బిడ్డల్లో శ్వాస ఇబ్బందితో ప్రత్యేక వార్డులో చేరే అవకాశం 11.4 శాతం. సూది వేస్తే అది 5.2కు తగ్గింది. సగానికి పైగా తగ్గిన మాట నిజం. సూది ఏదీ లేకుండా ముప్పై తొమ్మిదో వారం దాకా ఆగిన బిడ్డల్లో అది 1.5 శాతం. చివరి వారాల్లో బిడ్డ సొంత అడ్రినల్ గ్రంథులే కార్టిసాల్‌ను పెంచుతాయి. మావి అడ్డు తల్లి కార్టిసాల్‌కే, దీనికి కాదు. పైగా దాని మోతాదూ సమయమూ బిడ్డే నిర్ణయించుకుంటుంది. తల్లికి రక్తపోటు, బిడ్డకు ఎదుగుదల లోపం లాంటి వైద్య కారణం ఉండి ముప్పై ఏడో వారంలోనే తీయాల్సి వస్తే తీయాల్సిందే. అలాంటి కారణమేమీ లేకుండా పంచాంగం ఒక్కటే కారణమైతే, ముప్పై తొమ్మిది నిండాక వచ్చే తేదీల్లో వేరే ముహూర్తం చూడమని పురోహితుణ్ణి అడగవచ్చు.